స్క్రీన్‌షాట్ తీశాం... ఫైలేదీ?

కీబోర్డు పైవరుసలో కుడివైపు PrtSc అని రాసి ఉన్న కీ ఒకటి ఉంటుంది. తెర మీద కనిపిస్తున్నది ఫొటో తీయాలంటే దాన్ని నొక్కాలని చాలామందికి తెలుసు. నొక్కుతారు. చాలా కంప్యూటర్లలో ఏమీ జరిగినట్టుండదు. ఫోన్‌లో అయితే టిక్‌మని చప్పుడొస్తుంది, మూలన చిన్న బొమ్మ కనిపిస్తుంది, గ్యాలరీ తెరిస్తే ఫొటో ఉంటుంది. ఇక్కడ అవేవీ ఉండవు. అనుమానంతో ఇంకో రెండుసార్లు నొక్కి, డెస్క్‌టాప్ వెతికి, Pictures ఫోల్డర్ వెతికి, Downloads కూడా చూసి, కంప్యూటర్ చెడిపోయిందని తేల్చేస్తారు. చివరికి ఫోన్ తీసి కంప్యూటర్ తెరనే ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఆ ఫొటోలో అక్షరాల మీద అడ్డగీతలు, ట్యూబ్‌లైటు వెలుగు, వంకర తిరిగిన అంచులు. అవతలివాళ్లకు నంబరు చదవడం రాదు, మళ్లీ పంపమంటారు.

నిజానికి మొదటిసారి నొక్కినప్పుడే స్క్రీన్‌షాట్ వచ్చింది. ఫైలుగా మాత్రం రాలేదు. క్లిప్‌బోర్డులోకి వెళ్లి కూర్చుంది. దాన్ని బయటికి తేవడానికి ఉన్న దారి పేస్ట్ చేయడమే.

క్లిప్‌బోర్డు అంటే విడిగా ఒక సాఫ్ట్‌వేరూ కాదు, ఫోల్డరూ కాదు. కాపీ కొట్టినదాన్ని పేస్ట్ చేసేదాకా విండోస్ తన మెమరీలో పట్టుకుని ఉండే చోటు. అక్షరం కాపీ చేసినా, ఎక్సెల్ గడి కాపీ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా వెళ్లేది అక్కడికే. అది బడిపిల్లల పలక లాంటిది. కొత్తది రాయాలంటే పాతది చెరిగిపోవాల్సిందే. స్క్రీన్‌షాట్ తీశాక దాన్ని ఎక్కడా పేస్ట్ చేయకుండా ఒక ఫోన్ నంబరు కాపీ చేశారనుకోండి, స్క్రీన్‌షాట్ పోయి ఆ నంబరు మిగులుతుంది. కంప్యూటర్ ఆపేసినా, కరెంటు పోయి ఆగిపోయినా అంతే. హార్డ్‌డిస్కు మీద ఎక్కడా రాసి లేదు కాబట్టి తర్వాత ఎంత వెతికినా దొరకదు. రీసైకిల్ బిన్‌లోనూ ఉండదు.

ఆ కీకి ఆ పేరెందుకని సందేహం వస్తే దానికో పాత కథ ఉంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు Shift తో కలిపి ఈ కీ నొక్కితే తెర మీదున్న అక్షరాలన్నీ నిజంగానే ప్రింటరుకు వెళ్లి కాగితం మీద అచ్చయ్యేవి. విండోస్ వచ్చాక ప్రింటరు సంగతి వదిలేసి బొమ్మను క్లిప్‌బోర్డుకు పంపడం మొదలైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే నొక్కినవాళ్లకు ఆ కీ ఏం చేసిందో దాని పేరు చూసి అర్థం కాదు.

ఇప్పుడు ఏ కీ నొక్కితే బొమ్మ ఎక్కడికి వెళ్తుందో చూద్దాం. PrtSc ఒక్కటే నొక్కితే తెర మొత్తం క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది. Alt పట్టుకుని PrtSc నొక్కితే మనం పనిచేస్తున్న ఒక్క విండో మాత్రమే వెళ్తుంది. ఈ రెండూ క్లిప్‌బోర్డు వరకే, ఫైలు తయారవదు. విండోస్ గుర్తున్న కీ పట్టుకుని PrtSc నొక్కితే మాత్రం తెర ఒక్క క్షణం మసకబారి, Pictures లోపలి Screenshots ఫోల్డర్‌లో ఫైలు పడుతుంది. ఇక నాలుగోది Win+Shift+S. ఇది 2017లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది. నొక్కగానే తెర మసకబారుతుంది, పైన చిన్న పట్టీ వస్తుంది, మౌస్ బాణం స్థానంలో కూడిక గుర్తు కనిపిస్తుంది. కావలసిన భాగం ఒక మూల నుంచి ఎదురు మూలకు మౌస్‌తో లాగి వదిలితే అంతమేర మాత్రమే కత్తిరించి క్లిప్‌బోర్డులో పెడుతుంది.

కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో PrtSc నొక్కినా ఈ కత్తిరింపు తెరే వస్తుంది. తెర మసకబారిందంటే కంప్యూటర్ మీ కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఏ భాగం కావాలో గీసి చూపించకుండా Esc నొక్కితే ఏమీ కాపీ కాదు. పాత పద్ధతే కావాలంటే Settings లో Accessibility, అందులో Keyboard కు వెళ్లి, Print screen కీతో కత్తిరింపు తెర వచ్చేలా ఉన్న స్విచ్ ఆపేయవచ్చు. ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కుంది. కొన్నింట్లో PrtSc వేరే పని చేసే కీ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అప్పుడు Fn కూడా కలిపి నొక్కాలి. ఏ కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం కంటే Win+Shift+S అలవాటు చేసుకోవడం మేలని నా అభిప్రాయం. అది అన్నింటిలోనూ ఒకేలా పనిచేస్తుంది.

విండోస్ 10లో ఇలా కత్తిరించగానే కుడివైపు కింద మూలన Snip saved to clipboard అని ఒక చీటీ వస్తుంది. చాలామంది అందులో saved ఒక్కటే చదివి ఫైలు కోసం బయల్దేరతారు. విండోస్ 11లోని కొత్త స్నిపింగ్ టూల్ క్లిప్‌బోర్డుతో పాటు Screenshots ఫోల్డర్‌లో కూడా ఒక ప్రతి దాచిపెడుతుంది. అయితే దాని సెట్టింగులలో Automatically save అని మొదలయ్యే స్విచ్ ఆన్‌లో ఉంటేనే. ఎవరైనా దాన్ని ఆపేసి ఉంటే క్లిప్‌బోర్డే గతి. నోటిఫికేషన్లు ఆపేసి ఉన్న కంప్యూటర్‌లో చీటీ కూడా రాదు, అయినా కాపీ మాత్రం అయ్యే ఉంటుంది.

మన ఊళ్లలో తరచూ జరిగే ఒక పనిని ఉదాహరణగా తీసుకుందాం. డిగ్రీ చదివే ఒక అమ్మాయి పరీక్ష ఫీజు ఆన్‌లైన్‌లో కట్టింది. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. వెబ్‌సైటులో మాత్రం రసీదు రాలేదు, Transaction Pending అని ఉంది, కింద పొడవాటి Order ID నంబరుంది. ఆ పేజీ మూసేస్తే మళ్లీ కనిపిస్తుందో లేదో తెలియదు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కాలేజీ ఆఫీసు వాట్సాప్‌కు పంపాలి, ప్రిన్సిపాల్ పేరున అర్జీలో కూడా పెట్టాలి. PrtSc నొక్కింది. ఆ తర్వాత అర్జీలో రాయడానికి Order ID ని మౌస్‌తో ఎంచి కాపీ చేసింది. వర్డ్ తెరిచి పేస్ట్ చేస్తే నంబరు వచ్చింది గానీ ఫొటో రాలేదు. మేనమామకు ఫోన్ చేసింది.

“మావయ్యా, ఫొటో తీశాను, ఎక్కడా లేదు. Pictures అంతా వెతికాను.”

“ఫోల్డర్లలో ఉండదమ్మా అది. ఫొటో తీశాక ఇంకేమైనా కాపీ చేశావా?”

“నంబరు కాపీ చేశాను.”

“అదే దాన్ని చెరిపేసింది. పేజీ ఇంకా తెరిచే ఉందా?”

“ఉంది మావయ్యా.”

“మళ్లీ తియ్యి. తీసిన వెంటనే వర్డ్‌లోకి వెళ్లి Ctrl పట్టుకుని V నొక్కు. మధ్యలో ఏదీ కాపీ చెయ్యకు.”

ఆ చివరి మాటే కీలకం. క్లిప్‌బోర్డు పనిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఫొటో తీయడంలో ఉండవు. తీయడానికీ పేస్ట్ చేయడానికీ మధ్య జరుగుతాయి. అందుకే పేస్ట్ చేయాల్సిన చోటును ముందే తెరిచి పెట్టుకోవాలి. వర్డ్‌లో అర్జీ టైపు చేసి, ఫొటో రావాల్సిన చోట ఖాళీ వరుస వదిలి, కర్సరు అక్కడే మినుకుమినుకుమంటుండగా వదిలేయాలి. అప్పుడు బ్రౌజరులోకి వచ్చి ఫొటో తీయాలి. Alt+Tab నొక్కితే తిరిగి వర్డ్ వస్తుంది, Ctrl+V నొక్కితే బొమ్మ సరిగ్గా ఆ వరుసలో పడుతుంది. ముందు ఫొటో తీసి తర్వాత అర్జీ రాయడం మొదలుపెడితే, రాసేటప్పుడు ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కాపీ చేయకుండా ఉండలేం.

తెర మొత్తం తీయాలా, అవసరమైన ముక్క మాత్రమేనా అనేది కూడా ఆలోచించాల్సిన విషయమే. ఇలాంటి డబ్బు వ్యవహారంలో తెర మొత్తం పనికొస్తుంది. పైన వెబ్‌సైటు చిరునామా కనిపిస్తుంది, కింద కుడి మూలన తేదీ, గంట కనిపిస్తాయి. ఏ సైటులో, ఎప్పుడు జరిగిందో అడిగే అవసరం అవతలివాళ్లకు ఉండదు. కానీ దాన్ని కాగితం మీదకు తెస్తే ఇబ్బంది మొదలవుతుంది. మామూలు 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు 34 సెంటీమీటర్లు. ఏ4 కాగితానికి రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ వదిలితే మిగిలేది 16 సెంటీమీటర్లు. వర్డ్ ఆ బొమ్మను ఈ వెడల్పుకు కుదించేస్తుంది కాబట్టి అక్షరాలు సగం కన్నా చిన్నవైపోతాయి. తెర మీద కష్టపడి చదివే నంబరు ప్రింటులో అసలు చదవడానికి రాదు.

అందుకని రెండు ఫొటోలు తీయడం మంచిది. మొదట తెర మొత్తం తీసి వర్డ్‌లో పేస్ట్ చేయాలి. అది పడిందని కళ్లతో చూశాక బ్రౌజరుకు వెళ్లి Win+Shift+S నొక్కి, Order ID, మొత్తం, Transaction Pending అనే మాట ఉన్న చిన్న పెట్టెను మాత్రమే కత్తిరించాలి. తిరిగి వర్డ్‌కు వచ్చి మొదటి బొమ్మ కింద పేస్ట్ చేయాలి. రెండూ వరుసగా తీసేసి తర్వాత రెండూ పేస్ట్ చేద్దామంటే కుదరదు, రెండోదే మిగులుతుంది. పేస్ట్ చేసిన రెండో బొమ్మ చిన్నగా ఉంటే దాని మీద ఒకసారి నొక్కి, మూలన వచ్చే చిన్న గుండ్రాన్ని పట్టుకుని లాగితే పెద్దదవుతుంది. మూలనే పట్టుకోవాలి, పక్క అంచును లాగితే అక్షరాలు సాగిపోతాయి. ఇక ఆ వర్డ్ ఫైలును సేవ్ చేస్తే అందులోని రెండు ఫొటోలూ దానితో పాటే భద్రమవుతాయి. అక్కడితో క్లిప్‌బోర్డు మీద ఆధారపడే అవసరం తీరిపోతుంది.

వాట్సాప్‌కు పంపడం ఇంకా సులువు. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ గానీ వాట్సాప్ యాప్ గానీ తెరిచి, కాలేజీ ఆఫీసు చాట్‌లోకి వెళ్లి, మెసేజ్ టైపు చేసే పెట్టెలో ఒకసారి నొక్కి, Ctrl+V కొట్టాలి. బొమ్మ పెద్దదిగా తెరుచుకుంటుంది, దాని కింద రెండు మాటలు రాసుకునే చోటుంటుంది. అక్కడ పేరు, హాల్‌టికెట్ నంబరు రాసి Enter నొక్కితే రెండూ కలిసి వెళ్తాయి. పంపడానికి ముందు ఆ పెద్ద బొమ్మను ఒకసారి పరికించి చూడటం తప్పనిసరి. పక్క ట్యాబుల పేర్లు, బ్యాంకు బ్యాలెన్సు, ఇంకెవరి నుంచో వచ్చిన మెసేజ్ కూడా అందులో పడి ఉండవచ్చు. టెలిగ్రామ్‌లోనూ ఇంతే, జీమెయిల్‌లో ఉత్తరం రాసే చోటా ఇంతే. జీమెయిల్‌లో మాత్రం బొమ్మ అటాచ్‌మెంట్‌గా కాకుండా ఉత్తరం మధ్యలో, కర్సరున్న చోట పడుతుంది.

వాట్సాప్‌తో ఒక లోటుంది. ఫొటోలు త్వరగా వెళ్లడానికి అది వాటిని కుదించి పంపుతుంది. మనుషుల ఫొటోలో ఆ తేడా తెలియదు, చిన్న అక్షరాలున్న తెర ఫొటోలో వెంటనే తెలుస్తుంది. 8కీ 3కీ, 0కీ 6కీ తేడా తెలియకుండా మసకబారతాయి. పైన చెప్పిన చిన్న ముక్క పంపితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఎందుకంటే అందులో అక్షరాలు బొమ్మ నిండా ఉంటాయి, కుదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. తెర మొత్తం చెక్కుచెదరకుండా వెళ్లాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. డాక్యుమెంటుగా పంపాలంటే ఫైలు ఉండాలి. మన దగ్గరున్నది క్లిప్‌బోర్డులోని బొమ్మే.

కాలేజీ ఆఫీసు మెసేజ్ చూసి ఫిర్యాదు వెబ్‌సైటులో స్క్రీన్‌షాట్ అప్‌లోడ్ చేయమందనుకోండి, అప్పుడూ ఇదే చిక్కు. అప్‌లోడ్ చేసే చోట Choose File అని ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోల్డర్లు తెరుచుకుంటాయి, మన బొమ్మ వాటిలో ఏ ఒక్కదానిలోనూ లేదు. ఆ కిటికీలో Ctrl+V కొట్టినా ప్రయోజనం లేదు. క్లిప్‌బోర్డులోని బొమ్మను ముందు ఫైలుగా మార్చాలి. దానికి పెయింట్ చాలు. విండోస్‌తో పాటే వస్తుంది, కొనాల్సిన పనిలేదు.

స్టార్ట్ మెనూలో పెయింట్ వెతికి తెరిచి, Ctrl+V కొడితే బొమ్మ తెల్లటి పలకం మీద పడుతుంది. అది చిన్న ముక్క అయితే చుట్టూ తెల్లటి ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీ కూడా ఫైలులో భాగమై, తెరిచినప్పుడు బొమ్మ ఒక మూలన నక్కినట్టు కనిపిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, పేస్ట్ చేసిన వెంటనే, బొమ్మ చుట్టూ చుక్కల గీత ఇంకా ఉండగానే, పైన ఉన్న Crop గుర్తు నొక్కాలి. బయట ఎక్కడైనా నొక్కితే ఆ గీత పోతుంది. పొరపాటున పోతే Ctrl+Z కొట్టి మళ్లీ పేస్ట్ చేసుకోవచ్చు, ఎన్నిసార్లు పేస్ట్ చేసినా క్లిప్‌బోర్డులోది తరిగిపోదు. తర్వాత Ctrl+S నొక్కి, ఫైలుకు గుర్తుండే పేరు పెట్టి, డెస్క్‌టాప్ ఎంచుకుని సేవ్ చేయాలి. ఇప్పుడది వెతికితే దొరికే ఫైలు.

సేవ్ చేసేటప్పుడు కింద Save as type అని ఉంటుంది. PNG గా దాస్తే అక్షరాల అంచులు తెర మీద ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. JPEG గా దాస్తే అక్షరాల చుట్టూ సన్నని మురికి లాంటిది చేరుతుంది. కాబట్టి పంపడానికి PNG మంచిది. అయితే మన ప్రభుత్వ, కాలేజీ వెబ్‌సైట్లు చాలా వాటిలో JPG మాత్రమే తీసుకుంటామనీ, ఇన్ని కేబీలకు మించకూడదనీ షరతు ఉంటుంది. అలాంటప్పుడు JPEG గానే దాచి, ఇంకా పెద్దగా ఉంటే పెయింట్‌లోనే Resize నొక్కి 70 శాతానికో 60 శాతానికో తగ్గించుకోవాలి. తగ్గించాక ఒకసారి తెరిచి నంబరు చదవగలమో లేదో చూసుకోవాలి. మనం చదవలేనిది ఆఫీసులో కూర్చున్నవాళ్లూ చదవలేరు.

ఇక పేస్ట్ చేస్తే రాకపోవడం. దీనికి కారణం కనుక్కోవడానికి కూడా పెయింటే నమ్మకమైన పరీక్ష. వర్డ్‌లోనో చాట్‌లోనో Ctrl+V కొడితే ఏమీ రాలేదనుకోండి, అదే క్షణం పెయింట్ తెరిచి అక్కడ కొట్టండి. బొమ్మ వస్తే స్క్రీన్‌షాట్ క్షేమంగా ఉందన్నమాట, మీరు పేస్ట్ చేయబోయిన చోటే బొమ్మలు తీసుకోదు. నోట్‌ప్యాడ్ అలాంటిదే, అక్షరాలు తప్ప మరేదీ తీసుకోదు. వెబ్‌సైటుల్లో పేరు, చిరునామా రాసే పెట్టెలూ అంతే. Ctrl+V కి బదులు అలవాటుగా Ctrl+Shift+V కొట్టినా చాలాచోట్ల అక్షరాలు మాత్రమే తెమ్మని చెప్పినట్టే, బొమ్మ రాదు. పెయింట్‌లో కూడా రాకుండా, పైనున్న Paste గుర్తు నొక్కడానికి వీల్లేకుండా బూడిదరంగులో కనిపిస్తే క్లిప్‌బోర్డులో అసలు బొమ్మే లేదు. Fn కలిపి నొక్కాల్సి ఉండవచ్చు, కత్తిరింపు తెరలో ఏమీ గీయకుండా బయటికి వచ్చి ఉండవచ్చు, లేదా తర్వాత కాపీ చేసిన అక్షరాలు దాన్ని తుడిచేసి ఉండవచ్చు. ఎప్పటిదో పాత బొమ్మ వచ్చిందంటే ఈసారి కీ పనిచేయలేదని అర్థం. నల్లటి బొమ్మ వచ్చిందంటే మాత్రం మన తప్పేమీ లేదు. సినిమాలు చూపించే కొన్ని సర్వీసులు ఫొటో తీయడాన్నే అడ్డుకుంటాయి. వాటిలో ఏ కీ నొక్కినా అంతే.

ఒకటి కాపీ చేస్తే ముందుది పోయే బాధకు విండోస్‌లోనే ఒక ఉపాయం ఉంది. 2018 చివర్లో విండోస్ 10కి వచ్చిన అప్‌డేట్‌తో క్లిప్‌బోర్డు చరిత్ర మొదలైంది. Win పట్టుకుని V నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మొదటిసారి అందులో Turn on అనే బటన్ కనిపిస్తుంది, దాన్ని నొక్కాలి. అప్పటి నుంచి కాపీ చేసినవి 25 దాకా వరుసగా నిలుస్తాయి, అక్షరాలూ బొమ్మలూ కలిపి. కావలసినదాని మీద నొక్కితే అదే పేస్ట్ అవుతుంది. మన ఉదాహరణలోని అమ్మాయి ఇది ముందే ఆన్ చేసుకుని ఉంటే, నంబరు కాపీ చేసినా దాని కిందే ఫొటో కూడా కనిపించేది. ఆన్ చేయకముందు పోయినవి మాత్రం ఇందులో తిరిగి రావు. 4 ఎంబీ దాటిన పెద్ద బొమ్మలు ఈ వరుసలోకి ఎక్కవు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే, పిన్ గుర్తు నొక్కి నిలబెట్టుకున్నవి తప్ప మిగతావన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి ఇది తాత్కాలికంగా పట్టి ఉంచేదే తప్ప దాచుకునే బీరువా కాదు.

మ్యాక్ వాడేవాళ్లకు కథ తిరగబడుతుంది. అక్కడ Command+Shift+4 నొక్కి భాగం ఎంచితే మామూలుగా డెస్క్‌టాప్ మీద ఫైలు పడుతుంది. అదే కీలకు Control కూడా కలిపితే ఫైలు పడకుండా క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది, Command+V తో పేస్ట్ చేసుకోవాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు మ్యాక్ మీద నేర్పించింది ఇక్కడ విండోస్ మీద పనిచేయలేదని పెద్దవాళ్లు అనడానికి కారణం ఇదే. ఐఫోన్‌లో 2022 నాటి ఐఓఎస్ 16 నుంచి ఇలాంటి సౌకర్యమే ఉంది. స్క్రీన్‌షాట్ తీసి, మూలన వచ్చే చిన్న బొమ్మ నొక్కి, Done మీద నొక్కితే Copy and Delete అని వస్తుంది. అది ఎంచుకుంటే ఫొటో గ్యాలరీలో మిగలకుండా క్లిప్‌బోర్డులో మాత్రమే ఉంటుంది. చాట్‌లో టైపు చేసే చోట వేలు ఒత్తి పట్టి Paste అంటే వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా ప్రతి స్క్రీన్‌షాటూ గ్యాలరీలో పడుతుంది కాబట్టి ఈ వెతుకులాట ఉండదు.

విండోస్ కంప్యూటర్ క్లిప్‌బోర్డూ ఫోన్ క్లిప్‌బోర్డూ మామూలుగా వేర్వేరు. కంప్యూటర్‌లో తీసి ఫోన్‌లో పేస్ట్ అంటే రాదు. కంప్యూటర్ తెర ఫొటో ఫోన్‌లోకి కావాలంటే తేలికైన దారి వాట్సాప్‌లో మీ నంబరుకు మీరే మెసేజ్ పంపుకునే చాట్. అక్కడ పేస్ట్ చేసి పంపితే ఫోన్‌లో కనిపిస్తుంది.

చివరగా నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు, కాలేజీ ల్యాబుల గురించి ఒక మాట. అక్కడ ఒకే కంప్యూటర్ ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎంతోమంది కూర్చుంటారు. మీరు తీసిన ఫీజు పేజీ, ఆధార్ కార్డు, మార్కుల మెమో మీరు లేచి వెళ్లాక కూడా క్లిప్‌బోర్డులో ఉంటాయి. తర్వాత వచ్చినవాళ్లు వర్డ్ తెరిచి Ctrl+V కొడితే మీ కాగితమే ప్రత్యక్షమవుతుంది. ఆ కంప్యూటర్‌లో Win+V ఆన్ చేసి ఉంటే మీవి ఒక్కటి కాదు, మొత్తం వరుసగా కనిపిస్తాయి. కాబట్టి పని అయ్యాక Win+V నొక్కి, ఆ కిటికీలోని Clear all నొక్కండి. పిన్ చేసినవి దానితో పోవు, వాటిని విడిగా తీసేయాలి. తర్వాత ఏదో ఒక మామూలు మాటను ఎంచి Ctrl+C కొట్టి దాన్నే క్లిప్‌బోర్డులో మిగల్చండి. విండోస్ 11 అయితే Screenshots ఫోల్డర్ కూడా తెరిచి మీ ప్రతి ఏదైనా ఉందేమో చూసి, ఉంటే Shift+Delete తో తీసేసి లేవండి.